బార్‌కోడ్ లేని ఇత్తడి కుంది: ఆన్‌లైన్ అమ్మకంలో సరుకు సంఖ్య, బ్రాండ్ నమోదు

జనగామ జిల్లాలో లింగాల ఘనపూర్ మండలానికి పొరుగునే, హైదరాబాద్–వరంగల్ రహదారి పక్కన పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో, సుత్తితో బొమ్మ తేల్చే పని అక్కడి విశ్వకర్మల చేతుల్లో తరతరాలుగా నిలిచింది. గుడి తలుపుల తొడుగులు, దేవుడి కవచాలు, ధ్వజస్తంభం రేకులు, దీపపు కుందులు, సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపికలు అక్కడి నుంచే వెళ్తాయి. పెంబర్తి లోహ కళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంత పేరున్న కుందిని అమెజాన్‌లో అమ్మకానికి పెట్టబోతే మొదటి పేజీలోనే ఒక ఖాళీ గడి ఎదురవుతుంది. అందులో పదమూడు అంకెల సంఖ్య నింపాలి. కుందిని ఎటు తిప్పి చూసినా ఆ సంఖ్య ఉండదు.

ఈ గడి దగ్గర చాలామంది చేసే పని తప్పు సంఖ్య సంపాదించి నింపడం. సంఖ్య లేని సరుకుకు సక్రమమైన దారి వేరే ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే మూడు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. ఇది ఏ సరుకు? దీనికి జవాబు బార్‌కోడ్ కింది సంఖ్య. ఇది ఎవరి పేరు మీది సరుకు? దీనికి జవాబు బ్రాండ్, దాని వెనక ట్రేడ్‌మార్క్. ఇది ఏ ఊరి సరుకు? దీనికి జవాబు భౌగోళిక గుర్తింపు. ఒకదాని జవాబును ఇంకొకదాని గడిలో రాస్తే లిస్టింగ్ ఆగిపోతుంది.

గీతల కింది సంఖ్య

గీతలకు సొంతంగా అర్థమేమీ లేదు. కింద అచ్చయిన అంకెలను యంత్రం చదవగలిగేలా మార్చి గీసిన రూపమే అవి. నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు అమెరికన్లకు 1952లో దీనిపై పేటెంట్ వచ్చింది. ఈనాటి గీతల రూపాన్ని ఐబీఎంలో జార్జ్ లారర్ తీర్చిదిద్దాడు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, మార్ష్ సూపర్ మార్కెట్ కౌంటర్ మీద తొలి సరుకు స్కాన్ అయింది. అది రిగ్లీ కంపెనీ చూయింగ్ గమ్ ప్యాకెట్.

ఆ సంఖ్యను ప్రపంచమంతటా జీటిన్ అంటారు. అమెరికాలో పన్నెండు అంకెల యూపీసీ, మన దగ్గర పదమూడు అంకెల ఈఏఎన్ దాని రూపాలే. వీటిని కేటాయించే అంతర్జాతీయ సంస్థ జీఎస్ వన్. దాని భారత విభాగం జీఎస్ వన్ ఇండియా. కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ, పరిశ్రమల సంఘాలు కలిసి దీన్ని ఏర్పాటు చేశాయి. ఇక్కడ సభ్యత్వం తీసుకున్న కంపెనీల సంఖ్యలు 890తో మొదలవుతాయి. 890 ఉంటే భారతదేశంలో తయారైనట్టేనని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. సంఖ్య తీసుకున్న కంపెనీ భారత విభాగంలో సభ్యురాలని మాత్రమే దానర్థం. సరుకు ఇంకెక్కడైనా తయారై ఉండొచ్చు.

890 తర్వాతి కొన్ని అంకెలు కంపెనీవి, ఆ తర్వాతివి సరుకువి. చివరి అంకె తక్కిన పన్నెండింటినీ సరిచూసే కాపలాదారు. దాన్ని లెక్కగట్టడం కాగితం మీదే అవుతుంది. ఎడమ నుంచి బేసి స్థానాల అంకెలను కూడాలి. సరి స్థానాల అంకెలను కూడి మూడుతో హెచ్చవేయాలి. రెండూ కలిపిన మొత్తాన్ని తర్వాతి పదికి చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. మొదటి పన్నెండు 890123456789 అయితే లెక్క ఇలా ఉంటుంది:

```
8+0+2+4+6+8          = 28
(9+1+3+5+7+9) × 3    = 102
28 + 102             = 130
130 → 130 : 0
8901234567890
```

మొత్తం సరిగ్గా పదుల్లో పడింది కాబట్టి చివరి అంకె సున్నా. టైపు చేసేటప్పుడు ఏ ఒక్క అంకె మారినా ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ పట్టుకుంటుంది. ఆ రెండింటి మధ్య తేడా సరిగ్గా అయిదయితేనే తప్పించుకుంటాయి. 27 బదులు 72 కొడితే లెక్క ఎప్పటిలాగే సరిపోతుంది.

ఈ ఉదాహరణలోనే అసలు కిటుకు ఉంది. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరుసగా అంకెలు వేసుకుంటూ పోయినా సంఖ్య లెక్కకు నిలబడింది. లెక్కకు నిలబడినంత మాత్రాన అది ఎవరి సొత్తో చెప్పదు. అమెజాన్ లాంటి వేదికలు కొన్నేళ్లుగా లెక్కతో ఆగడం లేదు. జీఎస్ వన్ దస్త్రంలో ఆ సంఖ్య ఏ కంపెనీ పేరు మీద ఉందో తీసి, అమ్మకందారు రాసిన బ్రాండుతో పోల్చి చూస్తున్నాయి.

చవక సంఖ్యల చిక్కు

వంద రూపాయలకో రెండొందలకో బార్‌కోడ్ సంఖ్య ఇస్తామనే ప్రకటనలు ఇంటర్నెట్‌లో కోకొల్లలు. అవన్నీ కల్పిత సంఖ్యలు కావు. 2002కు ముందు అమెరికాలో సంఖ్యల కట్టను కొనుక్కున్న కొన్ని కంపెనీలకు ఏటేటా రుసుము కట్టే షరతు లేదు. అలాంటి కంపెనీల చేతిలో మిగిలిన సంఖ్యలనే కొందరు వర్తకులు విడివిడిగా అమ్ముతున్నారు. దుకాణంలో గీతలు చక్కగా స్కాన్ అవుతాయి. బిల్లూ పడుతుంది. దస్త్రంలో మాత్రం ఆ సంఖ్య ఎప్పుడో మూతపడిన అమెరికా కంపెనీ పేరు మీదే ఉంటుంది. పెంబర్తి కుందికి దాన్ని తగిలిస్తే వేదిక కంటికి అది ఆ కంపెనీ సరుకు.

అప్పుడు తెర మీద 8572 అనే లోపం సంఖ్య కనిపిస్తుంది. ఇచ్చిన సంఖ్యలు అమ్మబోయే సరుకుతో సరిపోలడం లేదని దాని సారాంశం. అదృష్టం కొద్దీ మొదట్లో దాటినా ప్రమాదం తప్పదు. అదే సంఖ్యను వర్తకుడు ఇంకొకరికీ అమ్మి ఉంటే, కుంది పేజీలో ఫోన్ కవరు బొమ్మ ప్రత్యక్షమవుతుంది. ఆ పేజీని సరిదిద్దడం కొత్తది పెట్టడం కన్నా కష్టం.

సంఖ్య నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. జీఎస్ వన్ వారి ‘వెరిఫైడ్ బై జీఎస్ వన్’ పేజీలో సంఖ్య కొడితే అది ఎవరి పేరు మీద ఉందో కనిపిస్తుంది. డబ్బు చెల్లించకముందే చూసుకోవలసిన పేజీ అది.

సొంత సంఖ్య తీసుకుంటే

నెలకు పదుల కొద్దీ ఒకే రకం కుందులు చేసి, సూపర్ మార్కెట్లకూ ఎగుమతిదారులకూ ఇచ్చే కార్ఖానాకు సొంత సంఖ్యలే మంచివి. జీఎస్ వన్ ఇండియాలో సభ్యత్వం తీసుకుంటే సంఖ్యల కట్ట ఒకటి వస్తుంది. దాన్ని గడువుకొకసారి పునరుద్ధరించుకోవాలి. సరుకు వివరాలను వారి ‘డేటాకార్ట్’లో నింపాలి. నింపకుండా వదిలేస్తే సంఖ్య చేతిలో ఉన్నా అది ఏ సరుకుదో దస్త్రం చెప్పలేదు.

ఎన్ని సంఖ్యలు కావాలో ముందే లెక్కేసుకోవాలి. ఆరు, ఎనిమిది, పది అంగుళాల ఎత్తుల్లో కుందులు ఉన్నాయనుకుందాం. ఒక్కో ఎత్తులో మెరుపు ఇత్తడి ఒకటి, పాతబడిన రంగు ఒకటి. అంటే ఆరు సంఖ్యలు. వాటిని జంటగా పెట్టెలో అమ్మితే ఆ ఆరింటికీ మళ్లీ ఆరు, మొత్తం పన్నెండు. కొనేవాడు ఒకదాని బదులు మరొకటి ఇస్తే ఒప్పుకోడనుకున్న ప్రతిచోటా కొత్త సంఖ్య కావాలి. అదే అచ్చు, అదే ఎత్తు కుందుల్లో ఉలి దెబ్బ ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పడిందని వేరే సంఖ్య అక్కర్లేదు. సరుకు కొలతలో గానీ, బరువులో గానీ అయిదో వంతు లేదా అంతకు మించి మార్పు వస్తే మాత్రం కొత్తది వేయాలి. అమ్మకం ఆపేసిన కుంది సంఖ్యను కొత్త కుందికి వాడుకోవడం 2019 నుంచి కుదరదు.

అచ్చు వేయడంలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. ఈ గీతల బొమ్మ ప్రామాణిక కొలత సుమారు 37 మిల్లీమీటర్ల వెడల్పు, 26 మిల్లీమీటర్ల ఎత్తు. దీన్ని 80 శాతానికి తగ్గించవచ్చు, 200 శాతానికి పెంచవచ్చు. రెండు పక్కలా తెల్లని ఖాళీ తప్పనిసరి. అందం కోసం ఆ ఖాళీలో డిజైన్ నింపితే యంత్రం చదవదు. స్కానర్ కాంతి సాధారణంగా ఎరుపు, అందుకే ఎర్ర గీతలు దానికి తెల్లగానే కనిపిస్తాయి. ఇత్తడికి ఇంకో కష్టం ఉంది. గుండ్రటి మెరిసే తలం మీద అంటించిన గీతలు ఒంగిపోతాయి, మెరుపుకు మాయమవుతాయి. కాబట్టి వాటి చోటు కుంది మీద కాదు, పెట్టె చదునైన పక్క మీద లేదా దారంతో కట్టిన చీటీ మీద.

సంఖ్య లేనప్పుడు: మినహాయింపు

నెలకు పదో పదిహేనో కుందులు చేసే ఇంటికి ఈ ఖర్చంతా అక్కర్లేదు. మామూలు సరుకు మీద బార్‌కోడ్ ఉండి తీరాలనే చట్టం మన దేశంలో లేదు. అది దుకాణం పెట్టే షరతు, వేదిక పెట్టే షరతు. షరతు పెట్టినవారే సడలింపు దారి కూడా ఉంచారు.

అమెజాన్ అమ్మకందారుల పేజీ Seller Central లో `Apply for GTIN exemption` అనే దరఖాస్తు ఉంటుంది. అందులో మొదట సరుకు ఏ విభాగంలోనిదో ఎంచుకోవాలి. తర్వాత బ్రాండ్ పేరు రాయాలి. బ్రాండ్ లేకపోతే అక్కడ `Generic` అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మొదటి అక్షరం పెద్దది పెట్టి రాయాలి. ‘నో బ్రాండ్’ అనో, ‘హ్యాండ్‌మేడ్’ అనో, ఊరి పేరో రాస్తే వేదిక దాన్నొక బ్రాండుగా భావించి రుజువు అడుగుతుంది. ఆ తర్వాత సరుకు ఫొటోలు జతచేయాలి. కనీసం రెండు, గరిష్ఠంగా తొమ్మిది. కుంది అన్ని వైపులూ, పెట్టె అన్ని వైపులూ కనిపించాలి. ఎక్కడా బార్‌కోడ్ లేదని ఫొటోలు చూస్తేనే తెలియాలి. జవాబు సాధారణంగా రెండు రోజుల్లో మెయిల్‌కు వస్తుంది. అనుమతి వచ్చాక అరగంట ఆగి లిస్టింగ్ మొదలుపెడితే సంఖ్య గడిని ఖాళీగా వదిలేసి ముందుకు సాగవచ్చు.

తిరస్కరణలు ఎక్కువగా ఫొటోల దగ్గరే వస్తాయి. దరఖాస్తులో బ్రాండ్ పేరు ఒకటి ఉంటుంది, ఫొటోలో కుంది మీద ఏ పేరూ ఉండదు. లేదా కంప్యూటర్‌లో ఫొటో మీద పేరు అతికించి పంపుతారు. లేదా ఊడొచ్చే స్టిక్కర్ అంటించి తీస్తారు. వేదిక కోరేది సరుకు మీదో పెట్టె మీదో చెరిగిపోకుండా ఉన్న పేరు. ఇక్కడ పెంబర్తి చేతిపనికి కలిసొచ్చే సంగతి ఒకటుంది. కుంది అడుగున ఉలితో చెక్కిన చిన్న ముద్ర ఈ షరతుకు అచ్చు పెట్టెతో సమానంగా సరిపోతుంది.

మినహాయింపు ఆ విభాగానికి, ఆ బ్రాండుకు మాత్రమే. గృహాలంకరణలో కుందులకు వచ్చిన అనుమతితో రేపు ఇత్తడి నగల పెట్టెను వేరే విభాగంలో పెట్టలేరు. మళ్లీ దరఖాస్తు చేయాలి. వేదికలో అప్పటికే బార్‌కోడ్‌తో ఉన్న పెద్ద కంపెనీల సరుకును తిరిగి అమ్మేవారికి ఈ దారి లేదు.

మినహాయింపు వచ్చిన సరుకుకు సంఖ్యే ఉండదని కాదు. లిస్టింగ్ పూర్తి కాగానే అమెజాన్ తన సొంత పది అక్షరాల గుర్తు ఒకటి వేస్తుంది. దాన్ని ఏసిన్ అంటారు. అమ్మకందారు తన లెక్కకోసం పెట్టుకునేది ఎస్‌కేయూ. `KUNDI-08-ANT` అని రాసుకుంటే ఎనిమిది అంగుళాల పాత రంగు కుంది అని తనకు తెలిస్తే చాలు. సరుకును అమెజాన్ గోదాములో ఉంచి అమ్మేవారు X00తో మొదలయ్యే ఎఫ్‌ఎన్‌ఎస్‌కేయూ చీటీని ప్రతి పెట్టె మీదా అంటించాలి. పుట్టుకతో బార్‌కోడ్ లేని కుందికీ గోదాము గుమ్మంలో బార్‌కోడ్ తప్పదన్నమాట. ఆ చీటీని వేదికే తయారుచేసి ఇస్తుంది.

Generic గా మొదలుపెట్టి ఇరుక్కోవడం

పేరు లేకుండా అమ్మడం సులువు, కానీ దానికి ధర చెల్లించాల్సి వస్తుంది. `Generic` పేజీ ఎవరి సొత్తూ కాదు. అలాంటి కుందే తన దగ్గరా ఉందని మరొకరు అదే పేజీలో తక్కువ ధరకు చేరవచ్చు. అచ్చులో పోసిన నాసిరకం కుంది పంపితే వచ్చే చెడ్డ సమీక్షలు చేత్తో చేసిన కుంది ఖాతాలోనూ పడతాయి.

ఏడాది తర్వాత ఇంటి పేరును బ్రాండుగా పెట్టుకుని, పాత పేజీలో `Generic` బదులు దాన్ని రాయాలని చూస్తే సాధారణంగా ఒప్పుకోరు. కొత్త బ్రాండుకు కొత్త పేజీ తెరవమంటారు. పాత సమీక్షలు పాత పేజీలోనే మిగిలిపోతాయి. అందుకే పేరు పెట్టుకునే ఉద్దేశం ఉన్నవారు మొదటి కుంది లిస్ట్ చేయకముందే పేరును చెక్కి, ఆ పేరుతోనే మినహాయింపు అడగడం మేలు. కొత్త బ్రాండ్ పేరును వేదిక ఇంకా ఆమోదించలేదంటే 5665 అనే లోపం వస్తుంది. అప్పుడు పేరు కనిపించే ఫొటోలతో అనుమతి కోరాలి.

బ్రాండ్ నమోదు

వేదిక ఆమోదం ఒకటి, చట్టపరమైన హక్కు మరొకటి. హక్కునిచ్చేది 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నైలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. దరఖాస్తు ఫారం పేరు టీఎం-ఏ. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000 రూపాయలు.

తరగతి అనే మాట దగ్గర పెంబర్తివారు కాసేపు ఆగాలి. సరుకులూ సేవలూ కలిపి 45 తరగతులు ఉన్నాయి. ఇత్తడి విగ్రహాలు ఆరో తరగతిలోకి, నూనె దీపాలు పదకొండో తరగతిలోకి వస్తాయి. ఒకే ఇంట్లో, ఒకే రేకుతో తయారైనా చట్టం దృష్టిలో అవి రెండు రకాల సరుకులు. రెండింటికీ రక్షణ కావాలంటే 4,500 కాస్తా 9,000 అవుతుంది. కుందులే అమ్ముతూ విగ్రహాల తరగతిలో మాత్రమే నమోదు చేయించుకుంటే, అసలు సరుకుకు రక్షణ ఉండదు.

దరఖాస్తు వేసిన రోజు నుంచే పేరు పక్కన ™ గుర్తు పెట్టుకోవచ్చు. ® గుర్తు మాత్రం నమోదు పూర్తయ్యాకే పెట్టాలి. ముందే పెడితే చట్టరీత్యా తప్పు. పరిశీలకుడు అభ్యంతరం చెబితే దరఖాస్తు స్థితి `Objected` అని మారుతుంది. నివేదిక అందిన నెలలోపు జవాబివ్వాలి. అభ్యంతరం లేకుంటే పేరు ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో వస్తుంది. నాలుగు నెలల్లో ఎవరూ వ్యతిరేకించకపోతే నమోదవుతుంది. దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత పదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు.

అమెజాన్ బ్రాండ్ రిజిస్ట్రీలో చేరడానికి ఈ దరఖాస్తే ఆధారం. అక్కడ పేరును ట్రేడ్‌మార్కు దస్త్రంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి. ఆ తర్వాత ధ్రువీకరణ కోడ్ ఒకటి వెళ్తుంది. చిక్కు సరిగ్గా ఇక్కడే వస్తుంది. కోడ్ వెళ్లేది అమ్మకందారుకు కాదు, ట్రేడ్‌మార్కు దస్త్రంలో ఉత్తరాలకోసం ఇచ్చిన మెయిల్‌కు. చాలా దరఖాస్తుల్లో ఆ చోట ఏజెంటు మెయిలే ఉంటుంది. పని అయిపోయిందని ఏజెంటు ఆ మెయిల్ చూడకపోతే బ్రాండ్ నమోదు అక్కడే ఆగుతుంది. టీఎం-ఏ నింపే రోజే తన మెయిల్ కూడా రాయించుకున్నవారికి ఈ తిప్పలు ఉండవు.

ఊరి పేరు ఎవరి బ్రాండు?

‘పెంబర్తి’ అనే పేరునే బ్రాండుగా పెట్టుకుంటే పోలేదా అన్న ఆలోచన సహజం. అది కుదరదు. సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరు ఒక్కరి ట్రేడ్‌మార్కు కావడానికి చట్టంలోని తొమ్మిదో సెక్షన్ అడ్డుపడుతుంది. భౌగోళిక గుర్తింపు అక్కడి పనివాళ్లందరి ఉమ్మడి సొత్తు. దాన్ని అమ్మడం, అద్దెకివ్వడం, తాకట్టు పెట్టడం చట్టం అనుమతించదు. ఆ గుర్తింపును సరుకు మీద వాడుకోవాలంటే పనివాడు జీఐ-3 ఫారంతో అధీకృత వినియోగదారుగా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో పేరు నమోదు చేయించుకోవాలి.

కాబట్టి లిస్టింగ్‌లో ఒక్కో మాటకు ఒక్కో చోటు. బ్రాండ్ గడిలో ఇంటి ముద్ర పేరు, లేకుంటే `Generic`. సరుకు శీర్షికలోనూ వివరణలోనూ పెంబర్తి ఇత్తడి కళ అనే మాట. జీటిన్ గడి మినహాయింపుతో ఖాళీ.

ఇతర సరుకులకూ ఈ విభజన వర్తిస్తుంది. లింగాల ఘనపూర్‌లో పొదుపు సంఘం మామిడికాయ పచ్చడి అమ్మాలనుకుంటే చేతిలో పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంఖ్య ఉంటుంది. దాన్ని బార్‌కోడ్ గడిలో నింపేవారు ఉన్నారు. అది ఆహార లైసెన్సు సంఖ్య, తయారుచేసినవారిని గుర్తుపడుతుంది కానీ పచ్చడి సీసాను కాదు. పావుకిలో సీసా, అరకిలో సీసా రెండింటి మీదా ఒకే లైసెన్సు సంఖ్య ఉంటుంది. సొంత జీటిన్ తీసుకుంటే మాత్రం రెండు కావాలి. పుస్తకాల సంగతి ఇంకా తేలిక. పోతన ఊరు బమ్మెర ఉన్న ఈ జిల్లాలో ఎవరైనా సొంతంగా పుస్తకం వేసుకుంటే, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఐఎస్‌బీఎన్‌ను ఉచితంగా ఇస్తుంది. 978తో మొదలయ్యే ఆ సంఖ్యే పుస్తకానికి బార్‌కోడ్ సంఖ్య కూడా.

పెంబర్తి కుందికి మొదటి రోజు తప్పనిసరైన ఖర్చు జీఎస్ వన్ సభ్యత్వం కాదు. అడుగున చెక్కే ముద్ర, అన్ని వైపుల నుంచి తీసిన ఫొటోలు, రెండు రోజుల ఎదురుచూపు చాలు. మినహాయింపు దరఖాస్తుకు రుసుము లేదు.